అద్దెల లెక్కకు ఎక్సెల్ ఫార్ములాలు: మూడేళ్ళు వాడాక

పాలకొల్లు, భీమవరాల్లో మా ఉమ్మడి ఆస్తి పన్నెండు యూనిట్లు. పది షాపులు, రెండు ధాన్యం గోడౌన్లు, మొత్తం 16,000 చదరపు అడుగులు. నాన్నగారి నోటు పుస్తకం పక్కన పెట్టి మూడేళ్ళయింది, లెక్కంతా ఎక్సెల్‌లోనే.

ఆక్యుపెన్సీ తేలికే, కానీ యూనిట్లు లెక్కపెట్టకండి. 4,000 అడుగుల గోడౌన్ ఒక్కటి ఖాళీ అయినప్పుడు నా షీటు 91.7 శాతం అని చూపించింది, పన్నెండింట్లో పదకొండు నిండాయి కదా అని. అడుగుల్లో చూస్తే 75 శాతమే. సగటు అద్దెకీ ఇదే తిప్పలు. 200 అడుగుల షాపు 12,000 అంటే అడుగుకి 60, 5,000 అడుగుల గోడౌన్ 40,000 అంటే అడుగుకి 8. ఈ రెండు రేట్లకీ AVERAGE పెడితే 34 వస్తుంది, అసలు సగటు మాత్రం 52,000ని 5,200తో భాగిస్తే వచ్చే 10.

నన్ను ఏడిపించింది బకాయిల వయసు. మొదట్లో మనిషికో వరస పెట్టి, చివరిసారి ఎప్పుడు కట్టాడో ఆ తేదీ నుంచి రోజులు లెక్కేసేవాణ్ణి. ఒకాయన అద్దె 9,000, గడువు ప్రతి నెలా 5వ తేదీ. ఏప్రిల్, మే, జూన్ కట్టకుండా జూన్ 20న ఒక్క నెల అద్దె ఇచ్చాడు. జూన్ 30న చూస్తే 18,000 మొత్తం పది రోజుల బకాయిలా కనబడింది, మే నెలది 56 రోజులైనా! అప్పట్నుంచి నెలకో బిల్లు, బిల్లుకో వరస. డబ్బు వస్తే ముందు పాత బిల్లు తీరుస్తాను. ఇప్పుడు 31–60 రోజుల గడిలో 9,000, దాని ముందు గడిలో 9,000 సరిగ్గా పడతాయి.

```
=SUMIFS(Dues[Balance],Dues[DueDate],"<="&$B$1-31,Dues[DueDate],">="&$B$1-60)
```

B1లో TODAY() పెట్టకుండా తేదీ చేత్తో కొడతాను, లేకపోతే మార్చి 31 రిపోర్టు మేలో తెరిస్తే వేరే అంకెలు చూపిస్తుంది.

ఇంకోటి, మా తమ్ముడు తేదీని 5.6.2024 అని చుక్కలతో కొడతాడు. మా కంప్యూటర్లో ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోదు, మామూలు అక్షరాలుగా గడిలో ఎడమ వైపుకి అతుక్కుంటుంది, SUMIFS దాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎర్రర్ కూడా రాదు, బకాయే మాయం. అందుకే గడువు రాని బిల్లులకీ ఒక గడి పెట్టి, అన్ని గడుల మొత్తం Balance మొత్తంతో కలుస్తోందా అని కింద ఒక తేడా గడి పెట్టుకున్నాను. అది సున్నా కాకపోతే ముందు తమ్ముడికే ఫోను.

ఫార్ములాకి తెలియనిది ఒకటుంది. గోడౌన్ తీసుకున్న ధాన్యం వ్యాపారి దాళ్వా పంట డబ్బులు చేతికొచ్చాకే ఒకేసారి కడతాడు, ఆ ముందు నెలల్లో 90 రోజులు దాటిన గడి ప్రతి ఏడూ ఉబ్బుతుంది. ఆయన వరసకి రంగు వేసి వదిలేశాను.