సీసా మారింది, కొలత మారలేదు: పిల్లల జ్వరం సిరప్ కొనేవారు జాగ్రత్త

ఇంటికి మందులు పంపే ఆ దుకాణం ఏదో మన కాలనీలో అందరికీ తెలుసు, పేరు చెప్పనక్కరలేదు. మా బాబుకు జ్వరం. పొద్దున ఒకసారి వేయగానే పాత పారాసెటమాల్ సీసా ఖాళీ అయింది. డాక్టరుగారు పోయిన నెల 7.5 మి.లీ. అని రాసిచ్చారు. మరో సీసా పంపమన్నాను. పంపారు. రంగు వేరుగా ఉంటే అనుమానం వచ్చి, లేబుల్ ఫొటో తీసి పంపి, ఎంత వేయాలని అడిగాను. బాబు బరువు 12 కిలోలని కూడా రాశాను.

అర నిమిషంలో జవాబు: "అదే మందమ్మా, పాత కొలతే వేయండి."

వేశాను. నా చేతులతోనే వేశాను.

రాత్రి రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె ఆగినంత పనైంది. పాతదానిలో ప్రతి 5 మి.లీ.కి 120 మి.గ్రా. కొత్తదానిలో 250. నా ఫొటోలో "250 మి.గ్రా." స్పష్టంగానే ఉంది. "ప్రతి 5 మి.లీ.లో" అన్న ముక్క మాత్రం సీసా వంపు వెనక్కి పోయింది. అది లేకుండా లెక్క కట్టలేమని దుకాణదారుకు తెలియదా? సీసా తిప్పి ఇంకో ఫొటో తీయమని ఒక్క మాట అనలేదు.

లెక్క చూడండి. పారాసెటమాల్ ఒక్కసారికి కిలో బరువుకు 15 మి.గ్రా. 12 కిలోలకు 180. పాత సీసాతో 180ని 120తో భాగించి 5తో గుణిస్తే 7.5 మి.లీ. కొత్త సీసాతో 180ని 250తో భాగించి 5తో గుణిస్తే 3.6 మి.లీ. మాత్రమే. నేను వేసిన 7.5లో 375 మి.గ్రా. ఉంది, రెట్టింపు కన్నా ఎక్కువ! ఐదో తరగతి లెక్క. డిగ్రీ చదివిన నాకు ఆ పూట రాలేదు.

వెంటనే డాక్టరుగారికి ఫోను చేశాను. పొద్దుటి 180తో కలిపి 555 అయింది, కిలోకు 60 చొప్పున రోజు పరిమితి 720, దాటలేదు కాబట్టి ఇక ఆ రాత్రి ఈ మందు వేయకుండా కనిపెట్టుకుని ఉండమన్నారు. బాబు బాగానే ఉన్నాడు. నేనే తెల్లవార్లూ నిద్రపోలేదు.

పొద్దున దుకాణానికి వెళ్లి రెండు సీసాలూ ముందు పెట్టాను. ఆ పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని, "చదువుకున్నవారు, లేబుల్ చూసుకోవద్దా అమ్మా? నేనేమన్నా డాక్టరునా?" అన్నాడు. నిన్న అర నిమిషంలో డాక్టరైపోయిన మనిషి! పక్కనున్న కుర్రాడు నవ్వాడు కూడా. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఫొటో పంపేవారు సీసా తిప్పి రెండు తీయండి, "ప్రతి 5 మి.లీ.లో" అన్న మాట కనిపించాలి. చుక్కల మందైతే చాలా వాటిలో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, మా బాబుకు 1.8 మి.లీ. చాలు. మూతకొలతలో 3.6 గీత ఉండదు, సూది లేని సిరంజి తెచ్చుకోండి. వేరే దుకాణంలో.