కిటికీ వెలుగు: ఏరియా లైటా, హెచ్‌డీఆర్‌ఐనా?

ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాట్ హాల్‌ని బ్లెండర్ సైకిల్స్‌లో రెండు రకాలుగా రెండర్ చేశాను. కిటికీలో ఏరియా లైట్ పెడితే నాయిస్ తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ చెక్క ఫ్లోర్ మీద కిటికీ ప్రతిబింబం ఒకే తెల్లటి పలకలా పడింది. లినెన్ సోఫా కూడా అట్టముక్కలా కనిపించింది.

మబ్బు పట్టిన ఆకాశం హెచ్‌డీఆర్‌ఐతో అదే ప్రతిబింబంలో ఆకాశంలోని వెలుగు తేడాలు తెలిశాయి. సోఫా చేతి మీద వెలుగు మెల్లగా తగ్గుతూ నేత కనపడింది. నాకు ఇదే నచ్చింది.

అయితే మూలల్లో నాయిస్ ఎక్కువ. కిటికీ సైజులో ఏరియా లైట్‌ని గది వైపు తిప్పి `Portal` టిక్ చేయండి. అది సొంతంగా వెలుగివ్వదు, ఆకాశం వెలుగు ఎటునుంచి వస్తుందో సైకిల్స్‌కి చూపిస్తుంది.