జాగ్రత్త: పాయింటుకు ఇంత అని లిస్ట్ ఆర్టికల్స్ రాయించుకునేవాళ్లు ఇది చూడండి

మాది ఏసీలు, ఫ్యాన్లు అమ్మే షాపు. ఎండాకాలం మొదలవకముందే వెబ్‌సైట్‌లో పెట్టుకుందామని ‘వేసవిలో కరెంటు బిల్లు తగ్గించే 15 మార్గాలు’ అని ఒక ఆర్టికల్ రాయమని కంటెంట్ ఏజెన్సీకి ఇచ్చాం. పాయింటుకు ఇంత అని రేటు మాట్లాడుకున్నాం. ఏజెన్సీ పేరు చెప్పను. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి వచ్చిన సరుకు ఎలా ఉందో మాత్రం చెప్తాను.

పైపైన చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. అక్షరదోషాలు లేవు, ప్రతి పాయింటుకీ హెడ్డింగ్ ఉంది, దాని కింద ఐదారు లైన్లు ఉన్నాయి. నిదానంగా చదివితే అసలు సంగతి బయటపడుతుంది. 2వ పాయింటు ‘ఏసీని 24 డిగ్రీల్లో పెట్టండి’. 7వది ‘గదిని మరీ చల్లగా ఉంచకండి’. 11వది ‘ఏసీతో పాటు ఫ్యాన్ వేసుకుని డిగ్రీలు పెంచండి’. మూడూ చదివినా రిమోట్ పట్టుకుని చేసే పని ఒక్కటే. ఎల్‌ఈడీ బల్బుల గురించి రెండుచోట్ల ఉంది. చివరిది ‘ఇంట్లోవాళ్లందరికీ పొదుపుపై అవగాహన కల్పించండి’. ఇది చదివాక ఎవరైనా లేచి ఏం చేస్తారు?

కాగితం మీద ప్రతి పాయింటు పక్కనా ‘చదివినవాళ్లు చేయాల్సిన పని’ అని ఒక్క ముక్క రాసుకుంటూ పోయాం. ఒకే పని వచ్చినవాటిని కలిపేశాం, పనే లేనివాటిని కొట్టేశాం. 15లో మిగిలినవి 6. డబ్బు మాత్రం 15కి కట్టాం. పాయింటుకు రేటు పెట్టినప్పుడు రాసేవాళ్లు ఒకదాన్ని మూడు చేయకపోతేనే ఆశ్చర్యం.

వరుస సంగతి ఇంకా ఘోరం. మొదటి పాయింటు ‘ఫోన్ చార్జర్‌ను ప్లగ్ నుంచి తీసేయండి’. ఇప్పటి చార్జర్‌ను ఫోన్ లేకుండా నెలంతా ప్లగ్‌లో వదిలేసినా అర యూనిట్ కూడా కాలదు. అదే పాత 75 వాట్ల ఫ్యాన్ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే 45 వాట్లు మిగులుతాయి. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు సుమారు 16 యూనిట్లు. ఈ ఫ్యాన్ సంగతి 12వ పాయింటులో పడుంది. ఇక ఏసీ విషయానికొస్తే, ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్తుంది. 20లో పెట్టి రోజుకు 8 యూనిట్లు కాల్చే ఇంట్లో 24కి మారిస్తే నెలకు 50 యూనిట్ల పైనే తగ్గొచ్చు. గదిని బట్టి, బయట ఎండను బట్టి ఇది అటూ ఇటూ అవుతుందనుకోండి. కానీ పైసా ఖర్చు లేని పని కాబట్టి ముందు ఇదే రావాలి, తర్వాత ఫ్యాన్. చార్జర్‌కు అసలు చోటే అక్కర్లేదు. పాయింట్లను అటూ ఇటూ మార్చినా చదివేవాళ్లకు తేడా తెలియలేదంటే ఆ ఆర్టికల్‌కు వరుసే లేదని అర్థం.

ఇంకో లోపం, ఏ పాయింటూ ఎవరికి పనికిరాదో చెప్పదు. రోజుకు గంటో రెండు గంటలో తిరిగే గెస్ట్‌రూమ్ ఫ్యాన్ మారిస్తే పెట్టిన డబ్బు తిరిగిరావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మాట రాస్తే మాకు ఒక ఫ్యాన్ తక్కువ అమ్ముడుపోతుందేమో, కానీ చదివినవాళ్లు మిగతాది నమ్ముతారు. అలాగే ‘వేల రూపాయలు ఆదా’ అని రాశారు. మన రెండు రాష్ట్రాల్లోనూ స్లాబు పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. అదే 16 యూనిట్లు ఒక ఇంట్లో తక్కువ, ఇంకో ఇంట్లో ఎక్కువ డబ్బు అవుతాయి. యూనిట్లలో చెప్పి, రూపాయల లెక్క వాళ్ల బిల్లు చూసి వేసుకోమనాలి.

ఇవన్నీ అడిగితే ‘మీరు 15 అన్నారు, 15 ఇచ్చాం’ అన్నారు. ఒప్పందం ప్రకారం అది నిజమే, వాదించడానికి లేదు.

కాబట్టి రాయించుకునేవాళ్లు పాయింట్ల లెక్కన కాకుండా మొత్తం ఆర్టికల్‌కు రేటు మాట్లాడుకోండి. టైటిల్‌లో అంకెను ఆర్టికల్ పూర్తయ్యాకే పెట్టమనండి, 6 వస్తే 6, 9 వస్తే 9. రాయడం మొదలెట్టకముందే ఒక్కో పాయింటుకు ఒక్క లైన్ చొప్పున వరుసలో పంపమనండి: చేయాల్సిన పని, ఎంత మిగులుతుంది, ఎవరికి వద్దు. ‘నేటి ఆధునిక జీవనంలో విద్యుత్ నిత్యావసరమైపోయింది’ లాంటి వాక్యాలు ఆ కాగితంలో దూరలేవు. అది చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి. మాది వెనక్కి రాలేదు.