‘టీ వద్దా?’ అంటే అవును అనాలా, లేదు అనాలా, వద్దు అనాలా: ఏది మేలు?

బెంగళూరులో వారాంతాల్లో పెద్దవాళ్లకు మాట్లాడే తెలుగు నేర్పుతుంటాను. తెలుగింటి కోడళ్లు, అల్లుళ్లు, ఇంట్లో ఇంగ్లిషే నడిచిన తెలుగు పిల్లలు వస్తుంటారు. విభక్తులూ క్రియారూపాలూ కష్టమే అయినా, నాలుగు నెలల్లో ఏదో ఒక దారికి వస్తాయి. ఎన్నాళ్లయినా కుదురుకోనిది ‘టీ వద్దా?’, ‘ఇంకా తినలేదా?’ లాంటి ప్రశ్నలకు జవాబు. ప్రశ్నలోనే వ్యతిరేకం ఉన్నప్పుడు అవునంటే ఏమిటి అర్థం, లేదంటే ఏమిటి అర్థం అన్నది వాళ్లకు తేలదు. మన పిల్లలు ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఇదే ఇబ్బంది తిరగబడి ఎదురవుతుంది.

తేడా ఎక్కడుందో ముందు చూద్దాం. ‘డోంట్ యూ వాంట్ టీ?’ అని ఇంగ్లిష్‌లో అడిగితే, జవాబిచ్చేవాడు తన సంగతి మాత్రమే చూసుకుంటాడు. టీ కావాలంటే ‘యెస్’, అక్కర్లేదంటే ‘నో’. అడిగినవాళ్లు ‘డోంట్’ పెట్టి అడిగారా, పెట్టకుండా అడిగారా అన్నదానితో వాడికి పని లేదు. తెలుగులో ‘అవును’ అలా పనిచెయ్యదు. ఎదుటివాళ్లు అనుకున్నది నిజమే అని ఒప్పుకోవడం దాని పని. ‘టీ వద్దా?’ అన్నవాళ్లు మనకు వద్దేమో అనుకుంటున్నారు. ‘అవునండీ’ అంటే, మీరనుకున్నది నిజమే, వద్దు అని. అంటే మన ‘అవును’ ఇక్కడ ఇంగ్లిష్ ‘నో’తో సమానం. జపాన్, కొరియా, చైనా భాషల్లోనూ సాధారణంగా ఇదే పద్ధతి, కాబట్టి ఇది మన ఒక్కరి విడ్డూరమేమీ కాదు.

ఇంతే అయితే ‘తిరగేసి చెప్పండి’ అని నేర్పేస్తే సరిపోయేది. చాలామంది అలాగే నేర్పుతారు కూడా. అసలు చిక్కు ‘లేదు’ దగ్గరుంది.

నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి లండన్‌లో పెరిగింది. అత్తగారిది మదనపల్లె, కాపురం మారతహళ్లిలో. ఒక సాయంత్రం అత్తగారు వంటింట్లోంచి ‘టీ వద్దామ్మా?’ అని అడిగారు. ఈ అమ్మాయికి వద్దు. ‘నో’ అన్నదానికి తెలుగు ‘లేదు’ కదా అనుకుని ‘లేదత్తయ్యా’ అంది. అయిదు నిమిషాల్లో గ్లాసు నిండా టీ వచ్చింది. మర్నాడు నిజంగానే టీ తాగాలనిపించింది. అత్తగారు మళ్లీ ‘వద్దా?’ అంటే ‘అవునత్తయ్యా’ అంది. టీ రాలేదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. మొదటి రోజు అత్తగారికి వినబడింది ‘లేదు లేదు, వద్దని కాదు’ అన్నట్టు. రెండో రోజు వినబడింది ‘అవును, వద్దు’ అన్నట్టు.

అప్పుడా అమ్మాయి తనకు తానే ఒక సూత్రం రాసుకుంది: వ్యతిరేక ప్రశ్నకు అవునంటే నో, లేదంటే యెస్. వారం తిరక్కుండానే ఆ సూత్రం పనికిరాకుండా పోయింది. ‘ఇంకా టీ తాగలేదా?’ అని అత్తగారు అడిగితే, అప్పుడే తాగేసి కూర్చున్న ఈ అమ్మాయి సూత్రం ప్రకారం ‘లేదు’ అంది. ఇంకో గ్లాసు వచ్చింది.

ఎందుకంటే ‘తాగలేదా?’ అన్న ప్రశ్నలోనే ‘లేదు’ ఉంది. అక్కడ ‘లేదు’ అంటే ఎదుటివాళ్ల మాటను కాదనడం కాదు, వాళ్ల క్రియలోని తోకను అందుకుని ‘తాగలేదు’ అనడమే. ‘వద్దా?’ అన్న ప్రశ్నలో ‘లేదు’ లేదు. అక్కడ వద్దు అనేదే వ్యతిరేకం. కాబట్టి ఉత్త ‘లేదు’ అంటే వినేవాళ్లు దాన్ని తమ మాటకు ఎదురుమాటగా తీసుకునే అవకాశమే ఎక్కువ. ఇంకా చిత్రం చూడండి. ‘ఇంకా తాగలేదా?’ అంటే ‘ఆఁ’ అన్నా తాగలేదనే, ‘లేదు’ అన్నా తాగలేదనే. ఒకటి ఒప్పుకోవడం, ఇంకొకటి ప్రశ్నలోని ముక్కను తిరిగి చెప్పడం, రెండూ చేరేది ఒకే చోటికి. ఇంగ్లిష్ నుంచి వచ్చినవాళ్లకు ఇది మతిపోయే సంగతి. వాళ్ల భాషలో ‘నో’ ఒక్కటే చేసే పనిని మనం వద్దు, లేదు, కాదు, తాగను అని ఎక్కడికక్కడ వేరువేరుగా పంచుకున్నాం. ‘ఇది టీ కాదా?’ అంటే ‘కాదు’, ‘టీ లేదా?’ అంటే ‘లేదు’, ‘టీ తాగవా?’ అంటే ‘తాగను’. ఏ తాళానికి ఆ చెవే.

ఇప్పుడు పోల్చి చూద్దాం. ‘అవును’తో జవాబివ్వడం తప్పు కాదు. ఇంట్లో మనమందరం అంటూనే ఉంటాం. కానీ మనం వట్టి ‘అవును’తో ఆగం. ‘అవును, వద్దు’ అనో, ‘ఆఁ, ఇప్పుడొద్దులే’ అనో వెనకాల ఒక ముక్క చేరుస్తాం. బరువు మోసేది ఆ వెనకాల ముక్కే. నేర్చుకునేవాళ్లు దాన్ని వదిలేసి ముందుమాట ఒక్కటే అంటారు, అక్కడ దెబ్బతింటారు. ‘లేదు’ ఇంకా ప్రమాదం. ప్రశ్నలో ఏ వ్యతిరేకముందో చెవికి పట్టేదాకా దాన్ని ఒంటరిగా వాడొద్దనే చెబుతాను. పైగా బెంగళూరు ఆఫీసుల్లో తిరిగే మన కుర్రాళ్లు కొందరు ఇంగ్లిష్ వరసలో ‘టీ తాగవా?’ అంటే ‘లేదు, తాగను’ అంటున్నారు. వాళ్ల అమ్మమ్మలు ‘లేదు, తాగుతా’ అనే చోట వీళ్లు సరిగ్గా ఎదురు అంటున్నారు. కాబట్టి వట్టి ‘లేదు’ విన్నప్పుడు మనకే అనుమానం వచ్చే రోజులివి.

మూడో దారి, నా దృష్టిలో అన్నిటికన్నా మేలైనది: ప్రశ్నలోని క్రియనే అందుకుని జవాబివ్వడం. ‘వద్దా?’ అంటే ‘వద్దండీ’ లేదా ‘కావాలండీ’. ‘తాగవా?’ అంటే ‘తాగను’ లేదా ‘తాగుతాను’. ‘తాగలేదా?’ అంటే ‘తాగలేదు’ లేదా ‘తాగాను’. అవును, కాదు అనే మాటే ఎత్తకపోతే ఎవరు ఎవరితో ఏకీభవించారన్న ప్రశ్నే పుట్టదు. ఇది నేర్చుకునేవాళ్ల కోసం కల్పించిన అడ్డదారి కాదు, మనం మాట్లాడే పద్ధతే ఇది. చుట్టూ ఉన్న భాషల్లోనూ అంతే. బెంగళూరులో పక్కింటివాళ్లు కన్నడంలో టీ వద్దా అని ‘టీ బేడ్వా?’ అంటే వద్దుకు ‘బేడ’, కావాలికి ‘బేకు’; టిఫిన్ కాలేదా అని ‘తిండి ఆగిల్వా?’ అంటే లేదుకు ‘ఇల్ల’, అయిందికి ‘ఆయ్తు’. కన్నడ నేర్చుకునే మనవాళ్లకు ఈ ఒక్క విషయంలో ఏ కష్టమూ ఉండదు. తెలుగు ఇంట్లో అలవాటైంది అక్కడా చెల్లుతుంది.

దీనికీ ఒక లోటుంది. ఎదుటివాళ్ల అనుమానాన్ని గట్టిగా తోసెయ్యాలంటే ఉత్త ‘తాగుతాను’ చప్పగా ఉంటుంది. అందుకు జర్మన్లకు ‘డోఖ్’, ఫ్రెంచివాళ్లకు ‘సీ’ అని ప్రత్యేకంగా మాటలున్నాయి. నువ్వు కాదనుకున్నావు గాని అవును అని వాటి భావం. ఇంగ్లిష్‌కూ ఒకప్పుడు ఈ సదుపాయం ఉండేది. మామూలు ప్రశ్నకు ‘యే’, ‘నే’ అని, వ్యతిరేక ప్రశ్నకు ‘యెస్’, ‘నో’ అని నాలుగు మాటలు వాడేవాళ్లు. మామూలు ప్రశ్నకు ‘నే’ అనాల్సిన చోట ‘నో’ రాశాడని, బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి అనువదించిన టిండేల్‌ను ఆ కాలపు ఇంగ్లండ్ పండితుడు థామస్ మోర్ 1532లో తప్పుపట్టాడు. ఆ తేడా తర్వాత చెరిగిపోయి రెండు మాటలే మిగిలాయి. మనకు ఆ పనికి ఒక్క మాట లేదు గాని, ‘ఎందుకు తాగను, తెండి!’ అనే వాక్యం ఉంది. నా దగ్గర చేరినవాళ్లకు ‘తాగుతాను’ పట్టుబడ్డాక నేర్పేది ఇదే. ‘ఎందుకు వద్దు!’ అన్న మొదటిసారి అత్తగారి ముఖం వెలిగిందని ఆ మారతహళ్లి అమ్మాయి చెప్పింది.

ఇంకొక సంగతి ముందే చెప్పి ఉంచాలి. ‘కాస్త టీ తాగరాదూ?’, ‘కూర్చోకూడదూ?’ అన్నప్పుడు పైకి వ్యతిరేకంలా వినబడినా అవి ప్రశ్నలు కావు, ఆహ్వానాలు. వాటికి ‘తాగరాదు’ అని క్రియను తిరిగి చెప్పకూడదు. ‘ఇవ్వండి’ అనో, ‘ఇప్పుడే తాగానండీ’ అనో అనాలి. చివర్లో ‘ఊ’ సాగితే పిలుపు అని గుర్తుపెట్టుకోమంటాను.

ఇంగ్లిష్ వైపు వెళ్లే మనవాళ్లకూ మందు ఇదే. ఫోన్లో అమెరికా మేనేజరు ‘యూ హావెంట్ సెంట్ ఇట్ యెట్?’ అంటే మనవాడు మనస్ఫూర్తిగా ‘యెస్’ అంటాడు, అంటే మీరన్నది నిజమే, పంపలేదని. అవతలివాడికి పంపేసినట్టు వినబడి మెయిల్ కోసం ఎదురుచూస్తాడు. ‘యెస్’, ‘నో’ ఏదనాలా అని తలపట్టుకునే బదులు ‘ఐ హావెంట్’ లేదా ‘ఐ హావ్’ అనేస్తే చాలు. ఒప్పుకోవడమే ముఖ్యమైతే ‘రైట్, ఐ హావెంట్’ అనొచ్చు. మన ‘అవును’ చేసే పని ఇంగ్లిష్‌లో చేసేది ‘యెస్’ కాదు, ‘రైట్’.

అడిగేవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. టీ విషయంలో పొరపాటు జరిగితే ఒక గ్లాసు వృథా అవుతుంది, అంతే. వైద్యం కోసం అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి బెంగళూరు వచ్చే పెద్దవాళ్లను, వచ్చీరాని తెలుగులో నర్సు ‘పెనిసిలిన్ పడదా?’ అని అడిగిందనుకోండి. ‘పడదు’ అంటే ఒంటికి సరిపడదని. ‘అవును’ అన్నా అదే. ‘లేదు’ అంటే మాత్రం పడుతుందనా, పడదనా? కాగితం మీద ఏ గడిలో టిక్కు పెట్టాలి? అక్కడ ప్రశ్నే మార్చాలి: ‘పెనిసిలిన్ తీసుకున్నప్పుడు ఎప్పుడైనా దద్దుర్లు గాని ఆయాసం గాని వచ్చాయా?’ జవాబు ‘వచ్చాయి’ అనో ‘రాలేదు’ అనో వస్తుంది. వట్టి తల ఊపు వస్తే మాత్రం మళ్లీ అడిగి, నోటితో చెప్పించుకుని రాసుకోవాలి.