సెల్ఫీ పంపితే మీ ముఖానికి నప్పే ఫ్రేము ఎంచి పంపుతామనే దుకాణాలతో జాగ్రత్త

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లోని కొన్ని కళ్లజోళ్ల దుకాణాలు ఇప్పుడు వాట్సాప్‌లో ముఖం ఫొటో తెప్పించుకొని, దాని మీద ఫ్రేముల బొమ్మలు అతికించి చూపి, నచ్చినదానికి పవర్ అద్దాలు బిగించి కొరియర్‌లో పంపుతున్నాయి. కావలి, కందుకూరు లాంటి ఊళ్ల నుంచి బస్సెక్కే పని తప్పుతుంది కనుక చాలామంది దీనికి మొగ్గు చూపుతున్నారు. కావలిలో ఉండే మా మేనకోడలు ఇలాగే నెల్లూరు దుకాణం ఒకదాని నుంచి 3,200 రూపాయలకు కళ్లజోడు తెప్పించుకుంది. అది పెట్టుకోవడానికి పనికిరాలేదు, డబ్బు వెనక్కి రాలేదు. నేను చాలాకాలం ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి కాబట్టి, లోపం ఎక్కడ జరిగిందో ఆమె పంపిన ఫొటో చూడగానే అర్థమైంది. ఆ దారిలో కొనబోయేవారికి తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ దుకాణం వారు అడిగినది ఒక్క సెల్ఫీ మాత్రమే. ఎంత దూరం నుంచి తీయాలో, ఏ వెలుతురులో తీయాలో ఒక్క మాట కూడా చెప్పలేదు. అమ్మాయి రాత్రి పూట హాల్లో ట్యూబులైటు కింద నిలబడి, మోచెయ్యి కొద్దిగా మడిచి ఫొటో తీసి పంపింది. వారు దాన్ని చూసి ముఖం కోలగా, సన్నగా ఉందని, చిన్న గుండ్రటి ఫ్రేము నప్పుతుందని తేల్చారు. నిజానికి ఆమెది కోల ముఖం కాదు. కణతల దగ్గర వెడల్పుగా, దవడ మూలలు స్పష్టంగా కనిపించే ముఖం. ఫొటోలో అది కోలగా మారడానికి దూరమే కారణం.

ముక్కు కొస నుంచి చెవి దాకా లోతు దాదాపు 11 సెంటీమీటర్లు ఉంటుంది. ఫోను ముక్కుకు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవులు దానికి 46 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. అంటే ముక్కుతో పోలిస్తే చెవుల దగ్గరి భాగం దాదాపు నాలుగోవంతు చిన్నదిగా పడుతుంది. దవడ మూలలు, కణతలు కూడా వెనక ఉండేవే కాబట్టి అవీ ఎంతో కొంత కుంచించుకుపోతాయి. ముక్కు, పెదవులు పెద్దవై ముందుకు వస్తాయి, ముఖం అంచులు లోపలికి జారుకుంటాయి. అదే ఫోనును ఆరడుగుల దూరంలో, అంటే దాదాపు 180 సెంటీమీటర్లలో పెడితే, చెవులకూ ముక్కుకూ మధ్య ఆ తేడా ఆరు శాతానికి దిగిపోతుంది. స్టూడియోల్లో మనిషిని దూరంగా కూర్చోబెట్టి పెద్ద లెన్సుతో తీసేది ఇందుకే. జూమ్ చేసినందువల్ల గానీ, తరువాత ఫొటోను కత్తిరించినందువల్ల గానీ ముఖం రూపం మారదు. కెమెరా ఉన్న దూరాన్ని బట్టే మారుతుంది.

దీనికి తోడు చాలా ఫోన్లలో ముందు కెమెరాకు ముఖాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్ కొన్నప్పటి నుంచే పనిచేస్తూ ఉంటుంది. కొన్నింటిలో అది దవడను సన్నం చేసి, కళ్లను పెద్దవి చేస్తుంది. ఫ్రేము ఎంచుకోవడానికి దవడ, కనుబొమలు, కళ్లు ఉన్న చోటే ఆధారం కాబట్టి, ఆ ఫొటోతో ఎంచడం వేరొకరి ముఖానికి ఎంచడంతో సమానం.

వెలుతురు సంగతి కూడా చిన్నది కాదు. నెత్తి మీదున్న దీపం కింద కనుబొమల నీడ కళ్ల మీద పడుతుంది, బుగ్గల కింద నల్లగా పల్లం ఏర్పడుతుంది, దవడ గీత మెడ నీడలో కలిసిపోతుంది. కనుబొమ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనిపించకపోతే, ఫ్రేము పై అంచు దానికి సమాంతరంగా ఉంటుందో లేదో చెప్పలేము. పసుపు రంగు బల్బు కింద ఛాయ కూడా మారిపోతుంది. బంగారు రంగు ఫ్రేము చర్మంలో కలిసిపోతుందా, విడిగా మెరుస్తుందా అన్నది ఆ ఫొటోలో తేలదు.

అయితే ఫొటో చెడ్డదైనంత మాత్రాన ఇంత నష్టం జరిగేది కాదు. దుకాణం చూపిన అతికింపు బొమ్మలోనే అసలు మోసం ఉంది. (ఉద్దేశపూర్వకమో, తెలియనితనమో నేను నిర్ణయించలేను.) వారు ఫ్రేము బొమ్మను ముఖం వెడల్పుకు సరిపోయేలా సాగదీసి అతికించారు. అలా చేస్తే 128 మిల్లీమీటర్ల ఫ్రేమైనా, 140 మిల్లీమీటర్ల ఫ్రేమైనా బొమ్మలో ఒకేలా అమరినట్టు కనిపిస్తుంది. కొలత లేని బొమ్మలో ఆకారం తెలుస్తుంది తప్ప పరిమాణం తెలియదు. కళ్లజోడు నప్పడం, నప్పకపోవడం ముందుగా ఆధారపడేది ఆ పరిమాణం మీదే.

వచ్చిన ఫ్రేము కాడ లోపలి వైపు 50, 16, 140 అని అచ్చు వేసి ఉంది. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది రెండు అద్దాల మధ్య ముక్కు మీద ఉండే ఎడం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ముందు భాగం మొత్తం వెడల్పు మాత్రం చాలా ఫ్రేముల మీద ముద్రించి ఉండదు. స్కేలుతో కొలిస్తే ఇది 128 వచ్చింది. అమ్మాయి పెట్టుకున్నప్పుడు కాడలు మొదట్లోనే రెండు పక్కలకూ విచ్చుకొని, చెవుల పైన గట్టిగా నొక్కి, ఎర్రటి గీతలు వేశాయి. అలా విచ్చుకున్న కాడలు జోడును ముందుకు తోస్తాయి కాబట్టి, తల వంచితే చాలు అది ముక్కు మీదికి జారేది. ఎదురుగా నిలబడి చూసినప్పుడు కాడలు బయటికి వాలుతూ బాగా కనిపిస్తే, ఆ ఫ్రేము ముఖానికి ఇరుకని తెలుసుకోవచ్చు. సరిపోయిన ఫ్రేములో అవి దాదాపు తిన్నగా వెనక్కి వెళ్తాయి, ఎదుటివారికి అంతగా కనబడవు.

ఫోను చేసి అడిగితే, దుకాణంలోని వ్యక్తి "ఫొటోలో బాగుండాదని మీరే అన్నారు గదా సార్, పవర్ బిగించినాక వాపసు తీసుకోము" అన్నాడు. ఆ షరతు బిల్లు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మాట నిజమే. కానీ డబ్బు చెల్లించిన తరువాతే ఆ బిల్లు మాకు చేరింది.

ఆ తరువాత మేము ఫొటోను సరిగ్గా తీసి, కొలత కట్టి చూశాము. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో వరండా నీడలో, ఆకాశం కనిపించే బయటి వైపుకు తిరిగి ఉండేలా అమ్మాయిని నిలబెట్టాను. ఎండ నేరుగా పడకూడదు, కానీ ఎదురుగా తెరిపి ఉండాలి. అప్పుడు వెలుతురు ముఖమంతా సమానంగా పరుచుకుంటుంది. జుట్టు వెనక్కి కట్టించి, ఆమె వెనక తెల్లటి గోడ ఉండేలా చూసి, ఆరడుగుల దూరం నుంచి, ఫోను వెనక కెమెరాతో, ఆమె కళ్ల ఎత్తులోనే పట్టుకొని తీశాను. నవ్వకుండా ఉండమన్నాను. నవ్వితే బుగ్గలు పైకి లేచి ముఖం అసలు ఆకారం పోతుంది. ముఖం తిన్నగా ఉందో లేదో తెలియాలంటే రెండు చెవులూ సమానంగా కనిపిస్తున్నాయా, రెండు కంటిపాపలూ ఒకే అడ్డగీత మీద ఉన్నాయా అని చూస్తే చాలు.

కొలత కోసం ఏటీఎం కార్డును, అంకెలున్న వైపు లోపలికి తిప్పి, కనుబొమలకు కాస్త పైన నుదుటికి ఆనించి అడ్డంగా పట్టుకోమన్నాను. ఏ బ్యాంకు కార్డైనా వెడల్పు 85.6 మిల్లీమీటర్లే. ఫొటోను కంప్యూటరు తెర మీద తెరిచి స్కేలుతో కొలిస్తే కార్డు 43 మిల్లీమీటర్లు, కణతల మధ్య వెడల్పు 67 మిల్లీమీటర్లు వచ్చాయి. 67ను 43తో భాగించి 85.6తో గుణిస్తే 133 పైచిలుకు వస్తుంది. కణతలు నుదుటి కంటే కొంత వెనక ఉంటాయి కాబట్టి, ఆరడుగుల దూరంలోనూ రెండు మూడు శాతం తక్కువే చూపుతుంది. ఆ లెక్కన అసలు వెడల్పు 136 లేక 137. అంటే దుకాణం పంపిన ఫ్రేము ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు ఇరుకు. ఇదే లెక్క వారూ చేయగలిగేవారు, ఒక్క కార్డు పట్టుకోమని చెప్పి ఉంటే.

ఈ కొలతతో ఒంగోలులో ఒక దుకాణానికి నేరుగా వెళ్లి, 53, 17 అని ముద్రించిన, మొత్తం వెడల్పు 136 ఉన్న ఫ్రేము తీసుకున్నాము. పెద్దది తీసుకుంటే సరిపోతుందని ఎవరూ అనుకోవద్దు. ఆమె పవర్ మైనస్ 4.50. కంటిపాపల మధ్య దూరం 61. అద్దం వెడల్పు, ముక్కు ఎడం కలిపితే 70 అవుతుంది కాబట్టి, ఒక్కో అద్దం కేంద్రాన్ని నాలుగున్నర మిల్లీమీటర్లు ముక్కు వైపు జరపవలసి వచ్చింది. మైనస్ అద్దం మధ్యలో పలుచగా, అంచులో మందంగా ఉంటుంది. ఇలా జరిపినప్పుడు చెవి వైపు అంచు ఇంకా మందమవుతుంది. ఆ మందం కనిపించకుండా ఉండాలని అక్కడివారు ఫుల్ రిమ్ ఫ్రేమే సూచించారు, అది సరైన మాట. అంతేకాదు, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారికి అద్దంలోంచి కళ్లు చిన్నవిగా, కణత గీత లోపలికి విరిగినట్టుగా కనిపిస్తాయి. ఖాళీ ఫ్రేముతో తీసిన ఫొటోలో ఇవేవీ కనబడవు.

ఎంత బాగా తీసినా ఎదురు ఫొటో చెప్పలేనివి మరికొన్ని ఉన్నాయి. ముక్కు దూలం ఎంత ఎత్తుందో, ఫ్రేము దాని మీద నిలుస్తుందో, నవ్వినప్పుడు కింది అంచు బుగ్గలకు తగులుతుందో, కాడ చెవి వెనక సరైన చోట వంగుతుందో పెట్టుకొని చూడవలసిందే. కాబట్టి దూరం నుంచి తెప్పించుకునేవారు మొదట ఖాళీ ఫ్రేమునే పంపమనండి. మొత్తం వెడల్పు ఎంతో మిల్లీమీటర్లలో రాతపూర్వకంగా అడగండి. పెట్టుకొని చూసి, కాడలు తిన్నగా వెళ్తున్నాయని తేలిన తరువాతే పవర్ అద్దాలకు డబ్బు కట్టండి. దీనికి ఒప్పుకోని దుకాణం ఎంత తక్కువ ధర చెప్పినా సెల్ఫీ పంపకండి.