వేగం గుర్తు మారితే దూరం లెక్క: ముక్కలు చేయడం మేలా, స్థానాల పట్టిక మేలా?

ఇంటర్ పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. v(t) ఇచ్చి ప్రయాణించిన మొత్తం దూరం కనుక్కోమంటే, v సున్నా అయ్యే చోటల్లా సమాకలనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ గుర్తు చూసుకోవాలా, లేక అంతకన్నా సులువైన దారి ఉందా? ఉంది. రెండు దారులూ సరైనవే. నేనైతే రెండోదే వాడమంటాను, ఎందుకో ఒక లెక్క మీద చూద్దాం.

v(t) = 3t² − 18t + 24 అనుకోండి, మీటర్లు, సెకన్లలో. t = 0 నుంచి 5 వరకు. దీన్ని నేరుగా సమాకలనం చేస్తే t³ − 9t² + 24t వస్తుంది, 5 పెడితే 125 − 225 + 120, అంటే 20. ఈ 20 మీటర్లు స్థానభ్రంశం, బయలుదేరిన చోటికీ చివరికి చేరిన చోటికీ మధ్య తేడా. దూరం కాదు. v రుణాత్మకంగా ఉన్నంతసేపూ వస్తువు వెనక్కి నడుస్తోంది, సమాకలని ఆ నడకను కూడికలోంచి తీసేస్తుంది. దూరం కావాలంటే దాన్ని కూడా కలపాలి, అంటే v కి బదులు |v| ని సమాకలనం చేయాలి. చాలామంది చేసేది v ని సమాకలనం చేసి చివర్లో జవాబుకి మాడ్యులస్ పెట్టడం. అప్పటికే వెనకడుగులు ముందడుగుల్లో కొట్టేసుకుపోయి ఉంటాయి కాబట్టి ఆ మాడ్యులస్ వల్ల ఒరిగేదేమీ లేదు, ఇక్కడైతే 20 కాస్తా 20 గానే మిగులుతుంది.

పాఠాల్లో చెప్పే పద్ధతి ముక్కలు చేయడం. v = 3(t − 2)(t − 4) కాబట్టి 2 దగ్గరా 4 దగ్గరా సున్నా. మధ్యలో ఒక్కో విలువ వేసి చూస్తే v(1) = 9, v(3) = −3, v(4.5) = 3.75. కాబట్టి 0 నుంచి 2, 4 నుంచి 5 ముక్కలు ఉన్నవి ఉన్నట్టే, 2 నుంచి 4 ముక్క ముందు మైనస్. మూడు సమాకలనులు, ఒక్కోదానికీ పై హద్దూ కింది హద్దూ, అంటే ఆరుసార్లు విలువలు వేయడం. దీని మీద మూడుచోట్ల గుర్తు తేల్చడం. లెక్క తప్పేది ఎక్కువగా ఈ గుర్తుల దగ్గరే. మధ్య ముక్క −4 వస్తుంది, దాని ముందున్న మైనస్ మర్చిపోయి 20 − 4 + 4 అని రాసేస్తారు, స్థానభ్రంశమే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

రెండో పద్ధతిలో సమాకలనం ఒక్కసారే, s(t) = t³ − 9t² + 24t. బయలుదేరిన స్థానం తెలియకపోయినా ఫర్వాలేదు, ఆ స్థిరాంకం తేడాల్లో ఎలాగూ పోతుంది. ఇప్పుడు మొదలు, మలుపులు, చివర, ఈ నాలుగు చోట్ల మాత్రం స్థానం రాసుకోండి. s(0) = 0, s(2) = 20, s(4) = 16, s(5) = 20. పక్కపక్క స్థానాల మధ్య ఎంత ఎడం ఉందో చూస్తే 20, 4, 4. మొత్తం 28 మీటర్లు. v ధనమా రుణమా అని ఎక్కడా పరీక్షించలేదు. రెండు వరుస సున్నాల మధ్య v గుర్తు మారదు కాబట్టి ఆ మధ్యలో వస్తువు ఒకే దిక్కున నడుస్తుంది, అందుకే అక్కడ స్థానాల ఎడమే నడిచిన దూరం. స్థానభ్రంశం కావాలన్నా అదే పట్టికలో మొదలూ చివరా చూస్తే చాలు. సగటు వేగం, సగటు వడి రెండూ అడిగారనుకోండి, 20/5 = 4, 28/5 = 5.6, అంతే.

నా దృష్టిలో అసలు తేల్చేది సున్నాల జాబితా. అది తప్పితే ఏ పద్ధతీ కాపాడదు. పట్టికలో 4 మర్చిపోయి 0, 2, 5 మాత్రమే వేస్తే ఎడాలు 20, 0, మొత్తం 20. పోనీ 2 మర్చిపోయి 4 మాత్రమే వేస్తే 16, 4, అదీ 20. ఒక్క మలుపు జారినా జవాబు తగ్గుతుందే గానీ పెరగదు, ఎందుకంటే ఒక రాకపోక కనబడకుండా పోతుంది. అదే వ్యవధి లోపల అనవసరంగా ఒక బిందువు ఎక్కువ వేస్తే ఏ నష్టమూ లేదు. s(3) = 18 కూడా చేర్చి చూడండి, 20, 2, 2, 4, మళ్లీ 28. కాబట్టి v ఏదైనా చోట సున్నాను తాకి గుర్తు మారకుండా వెనక్కి వెళ్తోందా, ఉదాహరణకి 3(t − 2)² లాగా, అన్న అనుమానంతో టైమ్ వేస్ట్ చేసుకోవద్దు, దాన్నీ జాబితాలో వేసేయండి. వేయకూడనిది వ్యవధి బయటి సున్నా ఒక్కటే. 0 నుంచి 3 వరకు అడిగితే 20, 2 కలిపి 22 రావాలి. అలవాటుకొద్దీ 4 ని కూడా ఇరికిస్తే 20, 4, 2 అయి 26 వస్తుంది.

ఇంకో సంగతి, v తెగకుండా సాగితేనే గుర్తు మారడానికి సున్నా గుండా వెళ్లాలి. నేలకు కొట్టుకుని పైకి లేచే బంతి విషయంలో వేగం −10 నుంచి ఒక్కసారిగా +8 కి దూకుతుంది, మధ్యలో సున్నా ఉండదు. అలాంటి దూకుళ్లు ఉన్న క్షణాలను కూడా మలుపులుగానే లెక్కపెట్టాలి.

భౌతికశాస్త్రంలో n వ సెకను సూత్రం దగ్గర ఇదే ఉచ్చు ఉంటుంది. 25 మీ/సె తో పైకి విసిరిన రాయి, g = 10, మూడో సెకనులో ఎంత దూరం వెళ్లింది? u + a(n − ½) లో వేస్తే 25 − 25 = 0 వస్తుంది, ఆ సెకనంతా రాయి కదలనట్టు. సూత్రం ఇచ్చింది స్థానభ్రంశం. వేగం 2.5 సెకన్ల దగ్గర సున్నా, అది 2 కీ 3 కీ సరిగ్గా మధ్యలో ఉంది. s = 25t − 5t² తో పట్టిక వేస్తే 30, 31.25, 30, దూరం 2.5 మీటర్లు.

గ్రాఫ్ గీసి వైశాల్యాలు కూడటం v సరళరేఖ అయినప్పుడు బాగుంటుంది, త్రిభుజాలతో తేలిపోతుంది. వక్రమైతే దాన్ని వదిలేయండి.

మిగిలింది సింప్సన్ సూత్రం లాంటి సంఖ్యా పద్ధతుల్లో v కి నేరుగా మాడ్యులస్ తగిలించడం. మన v మీద రెండు భాగాలతో సింప్సన్ వేస్తే (2.5/3)(24 − 9 + 9) = 20, అచ్చంగా సరైన స్థానభ్రంశం, ఎందుకంటే వర్గ బహుపదికి ఆ సూత్రంలో తేడా రాదు. అదే |v| కి వేస్తే (2.5/3)(24 + 9 + 9) = 35 వస్తుంది, కావలసింది 28. మాడ్యులస్ పెట్టగానే 2 దగ్గరా 4 దగ్గరా వక్రానికి పదునైన మూలలు ఏర్పడతాయి, సింప్సన్ వాటి మీదుగా నున్నగా గీసుకుపోతుంది. భాగాలు పెంచితే తేడా తగ్గుతుంది, నిజమే. కానీ s(t) సూత్రంగా దొరకని v కి కూడా ముందు సున్నాలు కనుక్కుని, వాటి మధ్య మధ్య వేరువేరుగా సంఖ్యా సమాకలనం చేసి, ఒక్కో ముక్క జవాబుకీ మాడ్యులస్ పెట్టి కూడటమే మంచిది. స్థానాల పట్టిక వేయలేనప్పుడు ముక్కలు చేసే పద్ధతికి నేను ఓటేసేది అక్కడే.