టీఓడీ కరెంటు రేటు: మిర్చి కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక సమీక్ష

హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్ ఉన్నవాళ్లకి టీఓడీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వాడిన వేళను బట్టి మారే యూనిట్ రేటు అది. తెలంగాణలో పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 వాడితే యూనిట్‌కి రూపాయి ఎక్కువ, రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు వాడితే తక్కువ. 11 కేవీ మీద మామూలు రేటు 7.65 అయితే పీక్‌లో 8.65 పడుతుంది. రాత్రి తగ్గింపు మొదట రూపాయి ఉండేది, 2024 చివర్లో రూపాయిన్నర చేశారు. లెక్క ఇంతే. మిర్చి కోల్డ్ స్టోరేజీలో దీన్ని కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. అదే బిల్లులో దాని పక్క వరుసలో ఉండే డిమాండ్ చార్జీ మీద, అంటే నెలలో లాగిన గరిష్ఠ లోడును బట్టి వేసే చార్జీ మీద మాత్రం నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ముందు నచ్చింది చెబుతాను. లోడును జరపడానికి కోల్డ్ స్టోరేజీని మించిన చోటు లేదు. గదినిండా మిర్చి బస్తాలుంటే ఆ సరుకే చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. తలుపు తెరవకుండా సాయంత్రం నాలుగు గంటలు మిషన్లు ఆపితే గది ఐదున్నర డిగ్రీల నుంచి ఏడు దాకా వస్తుంది, సరుకుకి ఏమీ కాదు. తెల్లవారేసరికి మళ్లీ కిందికి దించేయొచ్చు.

నేను అనుకోని లాభం ఇంకొకటి తేలింది. మార్చి మధ్యాహ్నం మా అమ్మోనియా కండెన్సర్ ప్రెషర్ 210 పౌండ్ల దగ్గర తిరుగుతుంది. అర్ధరాత్రి దాటాక అదే ముల్లు 170కి దిగుతుంది. బయట చల్లబడితే కంప్రెసర్‌కి పని తేలిక. అంటే రాత్రి నడిపితే రేటే కాదు, అదే చల్లదనానికి కాలే యూనిట్లూ తగ్గుతాయి. టారిఫ్ కాగితంలో ఎక్కడా కనపడని ఈ లాభం చూసి, మొదటి సీజన్‌లో నేను కనపడినవాళ్లందరికీ టీఓడీ గురించి గొప్పగా చెప్పాను.

తర్వాతి మార్చి బిల్లు వచ్చాక ఆ గొంతు కాస్త తగ్గింది.

మాది 200 కేవీఏ కాంట్రాక్టు, అంటే అంత లోడు దాకా లాగడానికి ఒప్పందం. మూడు కంప్రెసర్లు, పైన ఫ్యాన్లు, పంపులు, కూలింగ్ టవర్. అంతకు ముందు రోజంతా రెండు మిషన్లు మార్చి మార్చి నడిపేవాళ్లం కాబట్టి మీటర్‌లో మ్యాక్సిమమ్ డిమాండ్, అంటే ఎండీ, 165 దగ్గర ఆగేది. కేవీఏకి 475 చొప్పున డిమాండ్ చార్జీ 78,375 రూపాయలు. ఆ మార్చిలో పీక్ గంటలు వీలైనంత ఖాళీగా ఉంచి, రోజుకి 600 యూనిట్లు రాత్రికి జరిపాం. పీక్‌లో రూపాయి మిగిలింది, రాత్రి ఇంకో రూపాయి కలిసొచ్చింది. రోజుకి 1,200, నెలకి 36,000 మిగలాలి.

మిగిలాయి కూడా. ఎనర్జీ చార్జీల వరుసలో అచ్చంగా అంతే తగ్గింది. కానీ ఎండీ గడిలో 230 అని ఉంది.

ఆపరేటర్‌ని పిలిచి అడిగితే అతని జవాబు సూటిగా ఉంది: "పది కాంగనే మూడు మిషన్లు ఆన్ చేసినం సార్. మీరు చెప్పిందే గదా." నిజమే, టారిఫ్ చెప్పిందీ అదే. సాయంత్రమంతా ఆగిన గది పదింటికి వేడెక్కి ఉంటుంది, సక్షన్ ప్రెషర్ ఎక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు కంప్రెసర్ మామూలు కంటే ఎక్కువ లోడు లాగుతుంది. మూడూ ఒకేసారి, అన్నీ నిండు లోడు మీద. మా మీటర్ అరగంట సగటు తీసి, నెల మొత్తంలో అన్నిటికంటే పెద్ద అరగంటను పట్టుకుంటుంది. ఒక్క అరగంట చాలు, నెలంతటికీ అదే లెక్క.

ఇప్పుడు బిల్లు చూడండి. 200 దాకా 475 చొప్పున 95,000. కాంట్రాక్టు దాటిన 30 కేవీఏకి రెట్టింపు రేటు, అంటే 28,500. మొత్తం 1,23,500. పాతదానికంటే 45,125 ఎక్కువ. టీఓడీలో 36,000 ఆదా చేసి డిమాండ్‌లో 45,000 కట్టాను. పీక్ వదిలిపెట్టి గ్రిడ్‌కి సాయం చేసినందుకు తొమ్మిది వేలు ఎదురు ఇచ్చుకున్నట్టు.

నా కోపం ఇక్కడే. యూనిట్ రేటు గడియారం చూస్తుంది, డిమాండ్ చార్జీ చూడదు. సాయంత్రం ఏడింటికి లాగిన 230కీ, రాత్రి పదిన్నరకి లాగిన 230కీ ఒకటే ధర. కెపాసిటీ ఖర్చు నిజంగా ఎవరివల్ల వస్తుందో వాళ్ల దగ్గరే వసూలు చేయాలన్నది ఈ రేట్ల వెనకున్న అసలు సూత్రం. ఫ్రాన్స్ కరెంటు సంస్థలో పనిచేసిన మార్సెల్ బొయ్తూ 1949లోనే దీన్ని లెక్క కట్టి రాశాడు. కొత్త ప్లాంటు కట్టాల్సి వచ్చేది పీక్ వల్ల, కాబట్టి దాని ఖర్చు పీక్‌లో వాడేవాడిది. ఖాళీ సమయంలో వాడేవాడు నడిపే ఖర్చు కడితే చాలు. ఆ లెక్కన రాత్రి పదిన్నరకి నా దగ్గర కెపాసిటీ డబ్బులు ఎందుకు అడగాలి?

ఇదే ప్రశ్న మా కరెంటు ఆఫీసు ఏఈ గారిని అడిగాను. ఆయన వాదించలేదు. "ఓసారి పదీ అయిదుకి మీ ప్యానెల్ వోల్టేజి చూడండి" అన్నారు. చూశాను. పదికి ముందు 415 ఉన్న వోల్టేజి పది దాటిన కొద్ది నిమిషాల్లో 390కి పడింది, మోటార్ల ఆంపియర్లు పెరిగాయి. మాకు కరెంటు తెచ్చే లైను, అంటే మా ఫీడర్ మీద ఇంకో రెండు కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు ఉన్నాయి. అందరి దగ్గరా అదే టారిఫ్ కాగితం, అందరూ అదే పదింటి కోసం చెయ్యి స్విచ్ మీద పెట్టుకుని కూర్చుంటారు. రాష్ట్రం మొత్తానికి రాత్రి పది ఖాళీ సమయమే కావచ్చు, మా ఫీడర్‌కి మాత్రం అదే పీక్. సినిమా టికెట్ మ్యాట్నీకి సగం ధర చేస్తే ఫస్ట్ షో ఖాళీ అయ్యి మ్యాట్నీ దగ్గర లాఠీచార్జి జరిగినట్టుంది వ్యవహారం.

బొయ్తూ తరహా లెక్కల్లో దీనికీ చోటుంది. చౌక గంటల్లోకి జనం మరీ ఎక్కువగా జరిగితే పీకే అక్కడికి జరిగిపోతుంది. అప్పుడు రెండు వేళల వాళ్లూ కెపాసిటీ ఖర్చు పంచుకోవాల్సిందే. కాబట్టి నా కోపాన్ని కొంచెం సవరించుకుంటున్నాను. ఊరి చివర సబ్‌స్టేషన్ నుంచి నా గేటు దాకా వచ్చే లైను, ట్రాన్స్‌ఫార్మర్ నా గరిష్ఠ లోడును బట్టి వేసినవి. వాటి ఖర్చు ఏ గంటకైనా నాదే. ఎక్కడో ఉన్న థర్మల్ ప్లాంటు ఖర్చు మాత్రం రాత్రి వాడకం వల్ల పెరగదు. రెండిటినీ ఒకే 475లో కలిపేసి, గడియారం లేకుండా వసూలు చేయడమే తప్పు. సగం న్యాయం, సగం అన్యాయం అంటాను.

ఆ తర్వాత మేం చేసిన మార్పు ఇది. సాయంత్రం మిషన్లు పూర్తిగా ఆపం, ఒకటి సగం లోడు మీద తిరుగుతూనే ఉంటుంది. దానివల్ల పదింటికి గది మరీ వేడెక్కదు. పదికి ఒకటి, పదీ ముప్పావుకి రెండోది, సక్షన్ ప్రెషర్ దిగాక, అంటే దాదాపు అర్ధరాత్రికి, మూడోది. ప్యానెల్‌కి డిమాండ్ అలారం పెట్టించాం, 180 దగ్గరికి రాగానే మోగుతుంది. ఎండీ 182 దగ్గర ఆగింది. డిమాండ్ చార్జీ 86,450, పాతదానికంటే ఎనిమిది వేలు ఎక్కువ. జరిపే యూనిట్లు రోజుకి 500కి తగ్గాయి, అప్పటి రేట్ల మీద నెలకి 30,000 ఆదా. నికరంగా దాదాపు 22,000. తగ్గింపు రూపాయిన్నర అయ్యాక ఇంకొంచెం మెరుగు.

ఒక హెచ్చరిక. నెల మొదట్లోనే ఎండీ దాటితే, మిగతా నెలంతా జాగ్రత్తపడినా మీటర్ వెనక్కి రాదు. అప్పుడిక లోడు పట్టి ఉంచాలన్న ఆసక్తే ఉండదు. రీడింగ్ తీసిన రోజు నుంచి మొదటి వారం ఆపరేటర్‌ని కనిపెట్టుకుని ఉండాల్సిందే.

ఈ పద్ధతి ఆడని రోజులూ ఉంటాయి. లోడింగ్ జోరుగా ఉన్నప్పుడు లారీలు సాయంత్రమే వస్తాయి, హమాలీలు తొమ్మిది దాకా బస్తాలు మోస్తారు, తలుపు మూసే వీలుండదు. ఆ రోజుల్లో 8.65 అయినా సరే నడపాల్సిందే. పైగా మార్చిలోనే యాసంగి వరికి మోటార్లు నడిచి రాష్ట్రం డిమాండ్ కూడా ఎక్కువగా ఉంటుంది. మా సీజనూ గ్రిడ్ సీజనూ ఒకటే కావడం మా ఖర్మ.

సీజన్ అయిపోయాక ఇంకో బాధ. సరుకు బయటికి వెళ్లిపోయి లోడు 60 కేవీఏకి పడినా, కాంట్రాక్టులో 80 శాతానికి, అంటే 160కి కట్టాలి. నెలకి 76,000. దీని మీద ఒకసారి మా ఊరి రైతు దగ్గర వాపోతే ఆయన నవ్వాడు: "మరి మీరు నా బస్తా రెండు నెలలకే తీసుకుపోయినా సీజన్ కిరాయి మొత్తం తీసుకుంటరు గద సేటూ." నా దగ్గర జవాబు లేదు. గది కట్టింది మార్చి రద్దీ కోసమే, అప్పు వాయిదా మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది.

ఎవరికి పనికొస్తుంది అంటే, సరుకులోనో ట్యాంకులోనో చల్లదనమో వేడో దాచుకోగల వాళ్లకి. ఐస్ ఫ్యాక్టరీలకి బాగా పనికొస్తుంది. ఇరవై నాలుగు గంటలు ఒకే లోడు నడిపేవాళ్లకి పీక్‌లో ఎంత పోతుందో రాత్రి మొదట్లో అటూఇటూగా అంతే వచ్చేది, తగ్గింపు రూపాయిన్నర అయ్యాక ఇంకాస్త ఎక్కువే వస్తుంది, తల పట్టుకోవడం అనవసరం. కేంద్రం 2023 నియమాల్లో సోలార్ గంటలకి కనీసం 20 శాతం తక్కువ రేటు ఉండాలంది. అది నా బిల్లులోకి వస్తే మధ్యాహ్నం నడపడం కలిసొస్తుందా అన్నది లెక్క వేయాలి, ఆ వేళకి కండెన్సర్ ప్రెషర్ 210 ఉంటుంది కదా. రూపాయి తగ్గింపు నాటి నా 22,000లోంచి రాత్రి షిఫ్టుకి పెట్టుకున్న అదనపు ఆపరేటర్ జీతం తీసేస్తే ఏడెనిమిది వేలు మిగిలేవి. సొంత ఇంటి మనిషి రాత్రి ఉండగలిగిన వాళ్లకి ఇంకా ఎక్కువే మిగలొచ్చు.